ప్రయోగశాల జాగ్రత్తల పత్రం తెలుగులో: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఆంగ్లం నుంచి నేను తెలుగు చేసిన రసాయనశాస్త్ర ప్రయోగశాల జాగ్రత్తల పత్రాన్ని నాలుగేళ్లుగా విద్యార్థుల చేత చదివిస్తున్నాను. ఈలోగా దానిని మూడుసార్లు తిరగరాయవలసి వచ్చింది, ప్రతిసారీ లోపం క్రియాపదంలోనే దొరికింది.

వాటిలో నన్ను ఎక్కువగా భయపెట్టినది గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలుచన చేసే వాక్యం. మొదటి ప్రతిలో "ఆమ్లాన్ని నీటితో నెమ్మదిగా కలపండి" అని రాశాను. ఆంగ్లంలో ఉన్న దిశ ఇందులో పోయింది, ఎందుకంటే దేనిలో ఏది పోయాలో "కలపడం" అనే మాట చెప్పదు. ఒక విద్యార్థిని ఆమ్లం ఉన్న బీకరు ముందు నీళ్ల కొలజాడీ పట్టుకుని "సార్, ఇందులో పోసేయమంటారా?" అని అడిగినప్పుడు గానీ నాకది తెలియలేదు. అలా పోస్తే, ఆమ్లం కన్నా తేలికైన నీరు పైనే నిలిచి, అక్కడ పుట్టే వేడికి ఒక్కసారిగా మరిగి ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. ఇప్పుడు పత్రంలో ఇలా ఉంది: "ముందుగా బీకరులో నీరు తీసుకోవాలి. ఆ నీటిలో ఆమ్లాన్ని గాజుకడ్డీతో కలియబెడుతూ కొద్దికొద్దిగా పోయాలి. ఆమ్లంలో నీరు ఎప్పుడూ పోయకూడదు."

"పోయండి" అన్న మర్యాద రూపాన్ని వదిలి "పోయాలి, పోయకూడదు" అన్న జంటకు మారడానికి వేరే కారణం ఉంది. "తాకండి", "తాకకండి" అన్న మాటల మధ్య తేడా ఒక్క "క" మాత్రమే. ఆవిరి పట్టిన రక్షణ కళ్లద్దాల్లోంచి చదివేవారికి ఆ అక్షరం జారిపోతే నిషేధమే ఆదేశమవుతుంది. "తాకకూడదు" అంటే ఆ పొరపాటుకు చోటు లేదు. అయితే అన్ని నిషేధాలకూ ఇదే సరిపోదు: ధూళిని "పీల్చకూడదు" అనడం వేరు, "పీల్చకుండా జాగ్రత్తపడాలి" అనడం వేరు. రసాయన సీసాల లేబుళ్లపై వాడే జాగ్రత్త సంకేతాల్లో P260, P261 ఈ రెండింటినీ విడదీసే ఉంచాయి.

ప్రమాదాన్ని చెప్పే మాటల్లో "మండుతుంది" అన్నదాన్ని పూర్తిగా తీసేశాను. ఇథనాల్ నిప్పుకు మండుతుంది, ఆమ్లం పడితే చర్మమూ మండుతుంది. విద్యార్థి రెండో అర్థాన్ని కాసేపటి మంటగానే తీసుకుంటాడు. అందుకే ఇథనాల్‌కు "నిప్పు తేలికగా అంటుకునే ద్రవం" అనీ, లేబుల్‌పై H314 అనే ప్రమాద సంకేతం ఉన్న ఆమ్లానికి "చర్మంపై తీవ్రమైన కాలిన గాయాలు చేస్తుంది, కళ్లను దెబ్బతీస్తుంది" అనీ రాస్తున్నాను.

ఇంకా కుదరనిది ఒకటుంది. సీసాలపై తీవ్రతను బట్టి రెండు సూచక పదాలు వస్తాయి, ఎక్కువ తీవ్రతకు "ప్రమాదం", తక్కువకు "హెచ్చరిక" అని వాడుతున్నాను. కానీ మన చదువరి "హెచ్చరిక"నే గట్టి మాటగా తీసుకుంటున్నాడు. ప్రస్తుతానికి "ప్రమాదం" అన్నదాన్ని "తీవ్ర ప్రమాదం" అని మార్చి చూస్తున్నాను.