జాగ్రత్త: జారిన వెన్నెముకను వెనక్కి నెడతాం అంటే డబ్బు కట్టొద్దు (కర్నూలు వాళ్ళు చూడండి)

మా తమ్ముడికి 22 ఏళ్ళు, ఫాస్ట్ బౌలింగ్ వేస్తాడు, కొన్ని నెలలుగా నడుము నొప్పి అంటుంటే ఎక్స్‌రే తీయించినాం. నడుములో అన్నిటికంటే కింది ఎముక ఎల్5, దాని కిందున్న ఎస్1 ఎముక మీద ముందుకి జారింది, స్పాండిలోలిస్థెసిస్ గ్రేడ్ 1 అని రిపోర్ట్. అది పట్టుకొని ఇక్కడే ఒక నడుము నొప్పి సెంటర్‌కి పోతే, ఇట్లే వదిలేస్తే కాళ్ళు పడిపోతాయి, మా మిషన్‌తో లాగి ఎముకను వెనక్కి పంపిస్తాం అని అమ్మను భయపెట్టి ట్రాక్షన్, బెల్టు కలిపి 18 వేలు ముందే కట్టించుకున్నారు. సిట్టింగులు అయినాక వాళ్ళే ఇంకో ఎక్స్‌రే తీసి, చూడండి సగం వెనక్కి పోయింది, ఇంకో ప్యాకేజీ తీసుకుంటే పూర్తిగా పోతుంది అన్నారు. నొప్పి మాత్రం అట్లే ఉంది.

పెద్దాసుపత్రి ఆర్థో ఓపీలో డాక్టర్ రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూపించినారు. మొదటిది నిలబడి తీసింది, రెండోది పడుకోబెట్టి తీసింది! పడుకుంటే నడుము మీద బరువు తగ్గి కొంతమందికి ఆ జారుడు తక్కువ కనపడుతుందంట. మళ్ళీ నిలబెట్టి పక్కనుంచి తీయిస్తే మొదట ఎంత ఉందో అంతే ఉంది.

లెక్క ఎట్లంటే, కింది ఎముక పై అంచు ముందు నుంచి వెనక దాకా 40 మిల్లీమీటర్లు, పై ఎముక దాని మీద 8 జరిగింది, అంటే 20 శాతం. 25 దాకా గ్రేడ్ 1, 50 దాకా గ్రేడ్ 2, ఆ పైవి పెద్దవి. పడుకొని తీసినదాంట్లో 4 వచ్చింది, దాన్నే సగం నయం అని చూపించినారు.

ఈ వయసులో ఎక్కువగా జరిగేది ఏందంటే, ఆటల్లో నడుము పదే పదే వెనక్కి వంగి ఎముక వెనక భాగంలో సన్నటి చోట చీలిక వస్తుంది, దాంతో ముందు భాగం పట్టు తప్పి కాస్త ముందుకి పోతుంది. బయట నుంచి లాగితే ఆ చీలిక అతుక్కోదు, బెల్టు కొన్నాళ్ళు నొప్పికి ఆసరా అంతే. గ్రేడ్ 1 ఉండి జీవితాంతం నొప్పే తెలియని వాళ్ళు చాలామంది ఉంటారు, పెద్దయినాక అది పెరగడం కూడా తక్కువే అన్నారు. తమ్ముడికి బౌలింగ్ కొన్ని నెలలు ఆపించి, పొట్ట కండరాలకి, తొడ వెనక కండరాలకి ఎక్సర్‌సైజులు ఇచ్చినారు, ఇప్పుడు బస్సులో కూర్చోగలుగుతున్నాడు. ఆపరేషన్ మాట నెలల తరబడి ఇవి చేసినా తగ్గకపోతేనో, జారుడు బాగా ఎక్కువుంటేనో, కాలు బలం తగ్గుతుంటేనో వస్తుందంట.

పాదం పైకి లేవకపోయినా, ఒంటికి రెంటికి పోయే చోట మొద్దుబారినా, ఒంటికి రాక ఆగిపోయినా ఎక్సర్‌సైజులు అని కూర్చోకండి, ఆ రోజే క్యాజువాల్టీకి పోండి.

ముందు, తర్వాత అని ఎవరు ఎక్స్‌రేలు చూపించినా రెండూ నిలబడి తీసినవేనా అని అడగండి, ఫిల్ములు మీ దగ్గరే పెట్టుకోండి.