మకాం మారిస్తే పోయేది పూట

ప్రయాణం ప్లాన్ చేసేటప్పుడు మ్యాప్ మీద ఊళ్లన్నీ దగ్గరగానే కనిపిస్తాయి. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ అనుకుంటూ ప్రతి రాత్రికీ ఒక హోటల్ బుక్ చేసేస్తాం. వెళ్లిన ఊరికే మళ్లీ తిరిగి రావడం దండగ కదా అనిపిస్తుంది. రెండు పద్ధతుల్లోనూ తిరిగాక నా అభిప్రాయం వేరు: ఊళ్లు రెండు గంటల లోపు దూరంలో ఉంటే ఒకే చోట మకాం పెట్టి, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయడమే లాభం.

రైల్లో గంట దూరంలో ఉన్న ఊరినే తీసుకుందాం. మకాం మార్చకుండా వెళ్తే రానూపోనూ రెండు గంటలు. హోటల్ నుంచి స్టేషన్‌కి చేతిసంచితో నడక, పొద్దునా రాత్రీ కలిపి అరగంట. మొత్తం రెండున్నర గంటలు.

అదే మకాం మారిస్తే రైలు ప్రయాణం గంటే. కానీ సర్దుకోవడానికి ముప్పావుగంట, బిల్లు కట్టి తాళం ఇచ్చేసరికి పావుగంట. లగేజీతో స్టేషన్‌కి 20 నిమిషాలు, సామానుంది కాబట్టి ముందే వెళ్లి కూర్చునేది ఇంకో 20. దిగాక కొత్త హోటల్‌కి మరో 20, అక్కడ పెట్టెలు అప్పగించడానికి 10. మధ్యాహ్నం గది ఇచ్చాక మళ్లీ వెనక్కి వచ్చి, సామాను పైకి చేర్చి, కావలసినవి బయటకు తీసేసరికి అరగంట. రైలు గంటతో కలిపితే మూడు గంటల 40 నిమిషాలు. ప్రయాణం సగమే అయినా రోజులో గంటా పది నిమిషాలు ఎక్కువ పోయింది. ఈ లెక్కనే ముందుకు తీసుకెళ్తే, ఒకవైపు ప్రయాణం రెండు గంటల పది నిమిషాలు అయినప్పుడు గానీ రెండూ సమానం కావు. సర్దుడు త్వరగా ముగించేవాళ్లకి ఆ సమయం కాస్త తగ్గుతుంది, చిన్నపిల్లలున్నవాళ్లకి ఇంకా పెరుగుతుంది.

అసలు దెబ్బ తగిలేది చెక్ అవుట్‌కీ చెక్ ఇన్‌కీ మధ్య. చాలా హోటళ్లలో గది ఖాళీ చేయాల్సింది పదకొండుకో పన్నెండుకో, కొత్త గది ఇచ్చేది రెండుకో మూడుకో. రోజులో తిరగడానికి పనికొచ్చే గంటలవే. ఒకచోట రిసెప్షన్‌లో పెట్టెలు ఉంచుకోవడం కుదరదన్నారు. మేము వంతులవారీగా లాబీలో సామాను దగ్గర కాపలా కూర్చుని, ఊరిని సగం సగం చూశాం. ఎవరు ఏం చూశారో సాయంత్రం ఒకరికొకరం చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే సామాను ముందే పెట్టుకోనిస్తారో లేదో బుక్ చేసేముందే అడగాలి. యజమానులే నడిపే చిన్న అపార్ట్‌మెంట్లలో రిసెప్షనే ఉండదు, కాబట్టి అక్కడ ఇంకా ముఖ్యం.

డబ్బు విషయంలో కూడా గది అద్దెలు మాత్రమే పోల్చి చూస్తే మోసపోతాం. లగేజీ ఉంటే బస్సు వదిలేసి టాక్సీ ఎక్కుతాం, అదీ రోజుకి రెండుసార్లు. అపార్ట్‌మెంట్లలో శుభ్రం చేసినందుకు తీసుకునే రుసుము ఒక్క రాత్రి ఉన్నా, ఐదు రాత్రులున్నా తరచుగా అంతే ఉంటుంది. ఉతికిన బట్టలు ఆరడానికి కూడా ఒక రాత్రి చాలదు. తడి జీన్స్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టెలో పెడితే మర్నాటికి పక్కనున్న బట్టలన్నిటికీ ఆ వాసన అంటుకుంటుంది. ఇక మంచం వెనక ప్లగ్గులో మరిచిపోయే ఛార్జర్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఒకే మకాంలో నాకు బాగా నచ్చేది, రోజులు అటూ ఇటూ మార్చుకోగలగడం. వాన పడితే కొండమీది ఊరిని ఎల్లుండికి నెట్టి, ఆ రోజు మ్యూజియం చూసుకోవచ్చు. పిల్లకి జ్వరం వస్తే గదిలోనే ఉండిపోవచ్చు. రోజుకో హోటల్ బుక్ చేసుకున్నవాళ్లకి ఆ వీలు ఉండదు. ఒక్క రోజు తప్పితే వెనకున్న బుకింగులన్నీ కదులుతాయి.

అయినా ఈ పద్ధతి అన్నిచోట్లా కుదరదు. ఊళ్లన్నీ నగరం చుట్టూ ఉంటే సరే. ఒకే దారిలో వరసగా ఉంటే మాత్రం ఎక్కిన దారే రోజూ ఎక్కాలి, నాలుగో రోజుకి విసుగొస్తుంది. అలాంటప్పుడు దారిలో రెండు మకాంలు ఎంచుకుని, ఒక్కోచోట రెండు మూడు రాత్రులు ఉండి, తిరుగు టికెట్ చివరి ఊరి నుంచే తీసుకోవడం మేలు. సూర్యోదయం కోసమో, జనం వెళ్లిపోయాక కనిపించే ఊరి కోసమో వెళ్తుంటే, ఎంత దగ్గరైనా ఆ రాత్రి అక్కడే ఉండాలి. పగటి ట్రిప్‌లో ఎప్పుడూ దొరకనివి అవే.

మకాం ఊరు ఎంచుకునేటప్పుడు అందం కన్నా రైళ్లు, బస్సులు ఎన్ని వైపులకి వెళ్తాయో చూస్తాను. హోటల్ కూడా చూడదగ్గ చోట్ల మధ్య కాకుండా, స్టేషన్‌కి నడిచిపోయేంత దూరంలో తీసుకుంటాను. వెళ్లే రైలు కన్నా ముందు ఆఖరి తిరుగు రైలు ఎన్నింటికో చూస్తాను. సెలవు రోజుల్లో అది మామూలు కన్నా ముందే వెళ్లిపోవచ్చు కాబట్టి, మేము వెళ్లే తేదీకి విడిగా చూసుకుని, దానికి ముందున్న రైలుకే తిరిగొస్తాం.