స్పాటిఫైలో డిలీట్ అయిన ప్లేలిస్ట్: తిరిగొచ్చేది, రానిది

చాలా ఏళ్లుగా స్పాటిఫై వాడుతూ, ప్లేలిస్టులను చేత్తో పేర్చుకునే వాళ్ల కోసం ఈ సమీక్ష. ఇందులో చూసేది ఒక్కటే: పొరపాటున పోయినదాన్ని ఈ యాప్ ఎంతవరకు వెనక్కి ఇస్తుంది?

ప్లేలిస్ట్ మొత్తం డిలీట్ అయితే కంగారు పడక్కర్లేదు. స్పాటిఫైలో డిలీట్ అంటే ప్లేలిస్ట్ చెరిగిపోవడం కాదు, మీ లైబ్రరీ నుంచి తప్పుకోవడం మాత్రమే. అందుకే ఆ లింకు ఎవరికైనా పంపి ఉంటే వాళ్ల దగ్గర అది మామూలుగానే మోగుతూ ఉంటుంది. వెనక్కి తెచ్చుకునే మీట మాత్రం ఫోన్ యాప్‌లో కనిపించదు. బ్రౌజర్‌లో spotify.com/account తెరిచి లాగిన్ అయ్యి, Recover playlists లోకి వెళ్లాలి. గత 90 రోజుల్లో డిలీట్ చేసినవి అక్కడ ఉంటాయి. కావలసినదాని పక్కన Restore నొక్కితే చాలు. అయితే అది పాత చోటుకు రాదు, మీ ప్లేలిస్టుల జాబితాలో చివర చేరుతుంది. రాలేదనుకుని మళ్లీ మళ్లీ నొక్కేవాళ్లు చాలామంది ఉంటారు. ముందు జాబితా అడుగుదాకా చూడండి.

ఆ పేజీ ఖాళీగా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది లాగిన్‌ని. ఒకసారి ఈమెయిల్‌తో, ఇంకోసారి ఫేస్‌బుక్‌తోనో గూగుల్‌తోనో లోపలికి వెళ్తే తెలియకుండానే రెండు ఖాతాలు తయారవుతాయి. ఫోన్‌లో యాప్ ప్రొఫైల్‌నూ, బ్రౌజర్‌లో అకౌంట్ పేజీలోని యూజర్‌నేమ్‌నూ పోల్చి చూస్తే తేలిపోతుంది.

ఇంతవరకు ఈ సదుపాయానికి నిండు మార్కులే. అసలు లోటు ప్లేలిస్ట్ లోపల ఉంది. ప్లేలిస్ట్ ఉండగానే అందులోంచి పాటలు తీసేస్తే Recover playlists ఏమీ చేయలేదు. డెస్క్‌టాప్ యాప్‌లో వెంటనే Ctrl+Z కొడితే వస్తాయి, యాప్ మూసేశాక ఆ దారి ఉండదు. నలుగురు కలిసి పాటలు చేర్చే ప్లేలిస్టులో ఎవరో ఒకరు ముప్పై పాటలు తీసేస్తే, దాన్ని ఫాలో అవుతున్న ప్రతి ఖాతాలోనూ ఆ ముప్పై పోతాయి. కాబట్టి ఇంకో ఖాతా నుంచి ఫాలో చేసుకోవడాన్ని బ్యాకప్ అనుకోవద్దు. అది ఆ జాబితానే ఇంకో కిటికీలోంచి చూడటం.

నిజమైన బ్యాకప్‌కి ఇన్నాళ్లలో బాగా నిలబడిన పద్ధతి డెస్క్‌టాప్ యాప్‌లోనే ఉంది. 214 పాటల ప్లేలిస్ట్ అనుకుందాం. ఏదో ఒక పాట మీద నొక్కి Ctrl+A, తర్వాత Ctrl+C. ఖాళీ స్ప్రెడ్‌షీట్‌లో Ctrl+V కొడితే వరుసకో లింకు పడుతుంది:

```
https://open.spotify.com/track/...
```

చివరి వరుస సంఖ్య 214 అవునో కాదో చూడండి. తక్కువ ఉంటే ఎంపిక పూర్తిగా జరగలేదన్నమాట. తిరిగి కట్టాల్సి వస్తే ఆ లింకులన్నీ కాపీ చేసి, కొత్త ఖాళీ ప్లేలిస్ట్ తెరిచి Ctrl+V కొట్టడమే. పాటలు అదే వరుసలో వచ్చేస్తాయి. పాట ఏ రోజు చేర్చామన్న తేదీ మాత్రం పోతుంది, అన్నీ ఈ రోజువే అవుతాయి.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది, తెలుగు సినిమా పాటలు దాచుకునేవాళ్లకు అది బాగా తగులుతుంది. ఆల్బమ్ హక్కులు చేతులు మారినా, కంపెనీ కొత్తగా అప్‌లోడ్ చేసినా పాత లింకు పనిచేయక పాట బూడిదరంగులోకి మారిపోవచ్చు. పాట వేరే లింకుతో అక్కడే ఉండొచ్చు, కానీ మీ షీట్‌లో పేరు లేకపోతే అది ఏ పాటో తెలుసుకోవడం కష్టం కావచ్చు. దీనికి అకౌంట్ పేజీలోని Account privacy లోకి వెళ్లి, Account data టిక్ చేసి అడగాలి. ధ్రువీకరణ మెయిల్‌లోని లింకు నొక్కితేనే పని మొదలవుతుంది. అది నొక్కకుండా వారాల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు. కొన్ని రోజులకు వచ్చే జిప్‌లో Playlist1.json అనే ఫైలు ఉంటుంది. ప్రతి పాట పేరు, గాయకులు, ఆల్బమ్, లింకు గుర్తు అందులో దొరుకుతాయి.

బూడిదరంగు పాటను వెతికేటప్పుడు పాట పేరుకన్నా సినిమా పేరుతో వెతకడం మేలు. తెలుగు పాట పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కో అప్‌లోడ్‌లో ఒక్కోలా రాస్తారు, ‘వ’కు ఒకచోట v, మరోచోట w. సినిమా పేరుతో అసలు ఆల్బమ్ తెరిచి పాట నిడివి పోల్చుకుంటే, హిట్స్ సంకలనంలోని కుదించిన పాటో, రీమిక్సో బదులుగా వచ్చి చేరదు.

యూట్యూబ్ మ్యూజిక్ కూడా వాడేవాళ్లకు ఒక్క మాట. అక్కడ డిలీట్ చేసిన ప్లేలిస్టును వెనక్కి తెచ్చే పేజీ లేదు. మన డేటాను దింపుకోవడానికి గూగుల్ పెట్టిన టేకౌట్ ఇచ్చే ఫైలులోనూ వీడియో గుర్తులు, చేర్చిన తేదీలే ఉంటాయి, పాట పేర్లుండవు. ముఖ్యమైన ప్లేలిస్టుకు పేర్ల షీట్ విడిగా చేసుకోవాల్సిందే.

స్ప్రెడ్‌షీట్ కాపీ నెలకోసారి, జేసన్ ఫైలు ఆరు నెలలకోసారి తీసుకుంటే సరిపోతుంది. పాతదాని మీద కొత్తది సేవ్ చేయకుండా ఫైలు పేరులో తేదీ పెట్టండి. పాటలు తగ్గిపోయాక తీసిన కాపీ మంచి కాపీని తుడిచేస్తే చేసిన పనంతా వృథా.