రిఫండ్ సందేశమా, దొంగ ఫోనా?

బిర్యానీ రాలేదు, ₹340 వెనక్కి రావాలి. అసలు యాప్ పంపే సందేశం విషయం చెప్పి ఊరుకుంటుంది: ఫలానా ఆర్డరు, ఇంత మొత్తం, మీరు చెల్లించిన ఖాతాకే జమ. మిమ్మల్ని ఏమీ చేయమనదు. అదే మాట యాప్‌లోని ఆర్డరు పేజీలోనూ కనిపిస్తుంది.

దొంగ ఫోను మాత్రం పని చెబుతుంది. చాలాసార్లు ఆ నంబరు మనం ఇంటర్నెట్‌లో "కస్టమర్ కేర్" అని వెతికి పట్టుకున్నదే! "క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అంటాడు, ఎంతో మర్యాదగా. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు, పంపడానికే కావాలి. తెర మీద "Pay ₹340" అని కనిపిస్తున్నా, "అది పట్టించుకోకండి సార్" అంటాడు. పిన్ కొట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, బ్యాంకుకూ చెప్పండి.