తాతయ్యవాళ్ళ యాభయ్యో పెళ్ళిరోజుకి ఇన్వర్టర్ కొన్నాం: మూడు వేసవుల తర్వాత

2023 మే నెలలో అమ్మమ్మ, తాతయ్యల పెళ్ళయి యాభై ఏళ్ళు నిండాయి. మనవలూ మనవరాళ్ళూ కలిసి పదమూడు మందిమి. డల్లాస్‌లో ఉద్యోగం చేసే పెద్దమ్మ కూతురు ఉంది, రేపల్లెలో కరెంటు పనులు చేసుకునే బావ ఉన్నాడు, ఇంకా చదువుకుంటున్న పిల్లలు నలుగురున్నారు. ముందు బంగారం మాట వచ్చింది. తలా ఇంతని వాటా వేస్తే కొందరు అప్పు చేయాలి, ఎవరి తాహతు కొద్దీ వాళ్ళు తెస్తే ఎవరెంత పెట్టారో తూకంలోనే తేలిపోతుంది. అందుకే అందరూ వాడుకునే వస్తువు ఒకటే కొందామన్నాం.

ధర ముందు తెలుసుకుని, తోచినంత పిన్ని ఫోన్‌పేకి పంపమని చెప్పాం. గ్రూపులో ఎవరూ స్క్రీన్‌షాట్ పెట్టకూడదని ఒక్కటే షరతు. లెక్క పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు. వంద రూపాయలు పంపినవాళ్ళూ ఉన్నారని తర్వాత అంది గానీ పేరు చెప్పలేదు. తక్కువపడిన డబ్బు డల్లాస్ అక్క వేసింది. బావ డబ్బు పంపలేదు, వైరింగంతా తనే చేశాడు. బయట చేయిస్తే ఆ కూలీ మాలో చాలామంది వాటా కంటే ఎక్కువే అయ్యేది.

కొన్నది 900 వీఏ సైన్ వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు. అన్నీ కలిపి ముప్పై వేలు దాటింది. ఫ్యాన్లు ఎందుకని అందరూ అడిగారు. పాత సీలింగ్ ఫ్యాను దాదాపు 75 వాట్లు లాగుతుంది, ఇవి 30 లోపే. రెండు పాత ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, టీవీ కలిపితే 240 వాట్ల దాకా అయ్యేది, ఈ బ్యాటరీ మీద ఐదు గంటలు. ఫ్యాన్లు మార్చాక అదే సామాను ఎనిమిది గంటల దాకా నడిచింది. పెద్ద బ్యాటరీ తీసుకోమని షాపువాడు ఎంత చెప్పినా వినకుండా, ఆ డబ్బు ఫ్యాన్ల మీద పెట్టడమే ఈ బహుమతిలో తెలివైన పని అంటాను. సైన్ వేవ్ మీద ఫ్యాను గుయ్యిమని మోగదు కూడా, తాతయ్యకి నిద్ర పట్టడానికి అది చాలా ముఖ్యం.

బావ హాలుకీ పడకగదికీ విడిగా లైను లాగి, ఫ్రిజ్, మిక్సీ, మోటారు ఆ లైనులోకి రాకుండా చూశాడు. అయినా అమ్మమ్మ ఒకసారి మిక్సీ తెచ్చి హాల్లో ప్లగ్ పెట్టింది. ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగిపోయింది. అప్పటినుంచి పచ్చడి రోట్లోనే.

అసలు తలనొప్పి తాతయ్యతో వచ్చింది. కరెంటు ఉన్నప్పుడు దాంతో పనేంటని రాత్రుళ్ళు గోడమీద ఛార్జింగ్ స్విచ్ ఆపేసేవారు. ఛార్జింగ్ ఆగాక ఫ్యాన్లు బ్యాటరీ మీదే తిరిగేవి. ఖాళీ అయిన బ్యాటరీ నిండాలంటే పది గంటల పైన పడుతుంది కదా, పగలు కరెంటు పోయేసరికి అది సగం కూడా ఉండేది కాదు. బ్యాటరీ పాడైందని షాపుకి ఫోను కూడా చేశాం. బావ వెళ్ళి చూసి, స్విచ్ ఆన్‌లో పెట్టి మీద టేపు అంటించాడు. పెద్దవాళ్ళకి కొనేటట్టయితే ఆ టేపు మొదటిరోజే వేయండి. ఇన్వర్టరు ఊరికే ఉన్నా నెలకి పది యూనిట్ల దాకా తింటుందన్నది నిజమే. ఆ మాట తాతయ్య ఇప్పటికీ అంటారు.

కొన్న ఏడాదే డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు రెండు రోజులు లేదు. చలిలో ఫ్యాన్ల అవసరం లేదు గనక ఒక బల్బు, ఫోను ఛార్జింగు మాత్రమే వాడుకుని రెండో రాత్రి దాకా లాక్కొచ్చారు. ఆ రెండు రోజులూ మేమందరం వాళ్ళతో మాట్లాడగలిగాం.

నిర్వహణ అంతా చిన్నవాళ్ళది. బ్యాటరీ మూతల్లోని తేలుడు పుల్ల ఎర్రగీతకి దిగితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరు నీళ్ళు, యాసిడ్ పోయకూడదు. టెర్మినల్ మీద పచ్చటి పూత కనిపిస్తే స్విచ్‌లన్నీ ఆపి, తుడిచి, వాజలీన్ రాయాలి. సెలవులకి ఎవరు ఊరెళ్తే వాళ్ళ వంతు. బరువు అరవై కిలోల దాకా ఉంటుంది కాబట్టి చక్రాల ట్రాలీ లేకుండా తీసుకోవద్దు. గాలి ఆడే వసారాలో పెట్టాం, దేవుడి గదిలో పెడదామన్న అమ్మమ్మ మాట మాత్రం వినలేదు.

ఈ వేసవికి నీళ్ళు కాస్త త్వరగా తగ్గుతున్నాయి, టీవీ పెడితే ఎనిమిది గంటలు రావడం లేదు, ఆరు దాటితే గొప్ప. ఇలాంటి బ్యాటరీ నాలుగైదేళ్ళకి మార్చాల్సిందే. దానికోసం పిన్ని దగ్గర అదే పద్ధతిలో మళ్ళీ డబ్బు జమవుతోంది. వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ ఉన్నాయో లేదో కొన్నరోజే చూసుకోండి. మాది వారం తిరిగితే గానీ వేయలేదు.