జాగ్రత్త: 4జీ నిండుగా చూపిస్తూనే అవతలివాళ్లకి ‘స్విచ్ఛాఫ్’ వినిపించే ఫోన్లు

వేరే దేశం మార్కెట్ కోసం తయారైన ఫోన్‌గానీ, ఒకరు వాడేసిన ఫోన్‌గానీ కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు, లేదా కనీసం వాపసు గడువు దాటేలోగా, దీన్ని చదవండి. ఈ లోపం అంగట్లో బయటపడదు. వారానికో పదిరోజులకో ‘ఎన్నిసార్లు చేసినా స్విచ్ఛాఫ్ అంటోందేంటి’ అని ఇంట్లోవాళ్లు అడిగినప్పుడు తెలుస్తుంది. అప్పటికి గడువు అయిపోయి ఉంటుంది.

లక్షణం ఇలా ఉంటుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి. వాట్సాప్ మెసేజులు వస్తాయి, వీడియోలు ఆగకుండా నడుస్తాయి. మీరు ఎవరికైనా ఫోన్ చేస్తే కలుస్తుంది కూడా. మీకు చేసేవాళ్లకి మాత్రం ఒక్క రింగు కూడా పడకుండా ‘స్విచ్ఛాఫ్’ అని వినిపిస్తుంది, లేదా కాల్ నేరుగా వాయిస్‌మెయిల్‌కి పోతుంది. మీ ఫోన్లో మిస్డ్‌కాల్ గుర్తు కూడా పడదు, ఎందుకంటే ఆ కాల్ మీ ఫోన్ దాకా రానేలేదు.

4జీ మొదటినుంచీ డేటా కోసం కట్టిన నెట్‌వర్క్. పాత 2జీ, 3జీలలో ఉన్నట్టు మాటల కోసం విడిగా కేటాయించిన దారి అందులో లేదు. అందుకని 4జీలో ఉన్న ఫోన్‌కి కాల్ రావాలంటే రెండే మార్గాలు. ఒకటి వోల్టీ, అంటే తెరమీద VoLTE అని కనిపించేది. ఇందులో మాట కూడా డేటాగానే వెళ్తుంది, దానికోసం ఫోన్ ముందుగా నెట్‌వర్క్‌లోని ఐఎంఎస్ అనే వ్యవస్థలో నమోదై ఉండాలి. రెండోది, కాల్ వచ్చినప్పుడు నెట్‌వర్క్ పిలిస్తే ఫోన్ కాసేపు 2జీకో 3జీకో దిగి, మాట్లాడాక మళ్లీ 4జీకి ఎక్కడం.

ఇబ్బందల్లా ఈ రెండూ కుదరని ఫోన్లతోనే. వోల్టీ పనిచేయడానికి మోడెమ్‌కి ఆ ఫలానా ఆపరేటర్‌కి సంబంధించిన సెట్టింగులు ఉండాలి. అదే పేరుతో, అదే రూపంతో అమ్మే ఫోన్ అయినా వేర్వేరు ప్రాంతాలకి వేర్వేరు మోడల్ నంబర్లతో వస్తుంది. ఒక ప్రాంతపు సాఫ్ట్‌వేర్లో ఇంకో ప్రాంతపు ఆపరేటర్ సెట్టింగులు ఉండకపోవచ్చు. కొందరు ఆపరేటర్లు తమ దగ్గర పరీక్షించి ఒప్పుకున్న మోడళ్లకి మాత్రమే వోల్టీ ఇస్తారు. ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే ఐఎంఈఐ నంబర్లోని మొదటి 8 అంకెలు మోడల్‌ని చెబుతాయి కాబట్టి వాళ్లకి అది గుర్తించడం కష్టం కాదు. ఇక 2జీ, 3జీ లేని చోట, లేదా ఫోన్‌ని 4జీకి మాత్రమే కట్టేసిన చోట, కిందికి దిగే రెండో దారీ మూసుకుపోతుంది.

పాత ఫోన్ నిన్నటిదాకా బాగా పనిచేసి ఉన్నట్టుండి ఇలా అయిపోవడానికీ కారణం ఇదే. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీని ఆపేసింది. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు చివర్లో మిగిలిన 3జీ నెట్‌వర్కులు మూతపడడం మొదలైంది. అక్కడైతే మామూలు కాల్స్ 4జీలో వెళ్తున్నా, అత్యవసర కాల్స్‌కి మాత్రం 3జీ మీద ఆధారపడే ఫోన్లను కూడా నెట్‌వర్క్ నుంచి తీసేయాల్సి వచ్చింది. మీరు కొనే ఫోన్ ఈ రోజు 2జీ పుణ్యాన మోగుతోందంటే, ఆ 2జీ ఉన్నన్నాళ్లే అది మోగుతుంది.

మరి ఆన్‌లో ఉన్న ఫోన్‌ని పట్టుకుని స్విచ్ఛాఫ్ అని ఎందుకంటుంది? ఫోన్‌ని పద్ధతిగా ఆపినప్పుడు అది ‘నేను వెళ్తున్నాను’ అని నెట్‌వర్క్‌కి చెప్పి ఆగుతుంది. ఆ తరవాత ఎవరైనా కాల్ చేస్తే వెతకాల్సిన పని లేకుండా స్విచ్ఛాఫ్ ప్రకటన వస్తుంది. చెప్పకుండా సిగ్నల్ లేని చోటికి పోతే, నెట్‌వర్క్ వెతికి జవాబు రాక ‘అందుబాటులో లేరు’ అంటుంది. చాలాసేపు ఏ కబురూ లేకపోతే నెట్‌వర్కే దాన్ని ఆగిపోయినట్టు రాసుకుంటుంది. మన లోపభూయిష్టమైన ఫోన్ డేటా వైపు హాజరు వేయించుకుంటుంది, కాల్స్ వైపు వేయించుకోదు. అందుకే ఇంటర్నెట్ నడుస్తుంది, కాల్స్ లెక్కలో మాత్రం ఆ ఫోన్ లేనట్టే. ప్రకటనలో మాటలు ఆపరేటర్ని బట్టి మారతాయి కాబట్టి వాటిని మాత్రమే పట్టుకుని తీర్పు చెప్పకండి.

అమ్మేవాళ్ల ముందు ఈ లోపం ఎందుకు దాక్కుంటుందో ఇప్పుడు చూడండి. సిమ్ వేస్తారు, ‘ఇదిగో కాల్ వెళ్తోంది’ అని మీ నంబరుకి చేస్తారు. బయటికి కాల్ చేసేటప్పుడు ఫోన్ తనంతట తాను 2జీకో 3జీకో దిగుతుంది, కాల్ కలుస్తుంది. వెంటనే మీరు తిరిగి చేస్తే అదీ మోగుతుంది, ఎందుకంటే కాల్ అయ్యాక కూడా ఫోన్ కాసేపు కిందే ఉంటుంది. అది చూసి అంతా బాగుందనుకుంటారు. తిరిగి 4జీకి ఎక్కి, తెర ఆరి, జేబులో ఊరుకున్నాకే అసలు సంగతి. వాట్సాప్ కాల్ చేసి చూపించడమైతే పరీక్షే కాదు, అది ఇంటర్నెట్ ఉందని మాత్రమే చెబుతుంది. ఇంట్లో వైఫై కాలింగ్ ఆన్‌లో ఉన్నా ఇదే మోసం: కాల్ వైఫై మీదుగా వచ్చి మోగుతుంది, గడప దాటగానే స్విచ్ఛాఫ్.

కాబట్టి పరీక్ష ఇలా చేయండి. ముందు వైఫైని, వైఫై కాలింగ్‌ని ఆపండి. మీరు రోజూ వాడే సిమ్‌నే వేయండి, అమ్మేవాళ్ల సిమ్ కాదు. సిగ్నల్ పక్కన 4G అని కనబడుతుండగా తెర ఆపి, కనీసం అరగంట ఫోన్‌ని ముట్టుకోకుండా వదిలేయండి. తరవాత ఇంకో ఆపరేటర్ నంబరు నుంచి కాల్ చేయించండి. మోగితే ఎత్తకుండా తెరమీది గుర్తు చూడండి. 4G అలాగే ఉంటే, లేదా VoLTE అని ఉంటే, మంచిదే. మోగుతూనే అది 3జీ గుర్తయిన H గానీ, 2జీ గుర్తయిన E గానీ అయిపోతే ఫోన్ కిందికి దిగి అందుకుంటోందన్నమాట. ఒక్కసారి మోగిందని సంతోషించకండి. అరగంటకో గంటకో ఒకటి చొప్పున ఆ రోజంతా కనీసం ఆరేడు కాల్స్ చేయించి, టైమూ ఫలితమూ కాగితం మీద రాసుకోండి.

ఆండ్రాయిడ్ అయితే లోపలి సంగతి కూడా చూడొచ్చు. డయలర్లో ఇది నొక్కండి:

```
*#*#4636#*#*
```

Phone information లోకి వెళ్లి, పైన మూడు చుక్కల మెనూలో IMS Service Status తెరవండి. IMS Registration ఎదురుగా Registered అనీ, Voice over LTE ఎదురుగా Available అనీ ఉండాలి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ మెనూ తెరుచుకోదు, అప్పుడు పైన చెప్పిన కాల్ పరీక్షే గతి. సెట్టింగుల్లో VoLTE స్విచ్ ఉందని, అది ఆన్‌లో ఉందని చూసి నమ్మకండి. ఆ స్విచ్ ‘వాడాలనుకుంటున్నాను’ అని చెప్పడమే, నెట్‌వర్క్ ఒప్పుకుందని చెప్పదు. కొన్నిచోట్ల ఆ స్విచ్ అసలు కనబడకపోవడమే ఆ ఆపరేటర్ సెట్టింగులు లేవనడానికి గుర్తు.

ఒక ఉదాహరణ తీసుకుని వరసగా చూద్దాం. సిమ్ వేసి ఆన్ చేశాక అయిదు నిమిషాలకి కాల్ చేస్తే స్విచ్ఛాఫ్. నలభై నిమిషాలు ఊరుకున్నాక చేసినా స్విచ్ఛాఫ్. ఎయిర్‌ప్లేన్ మోడ్ అర నిమిషం పెట్టి తీశాక వెంటనే చేసినా అదే, ఇంకో గంటకి చేసినా అదే. మెనూలో చూస్తే Not Registered. అదే మెనూలో Set preferred network type దగ్గర LTE only అని ఉంది; స్పీడు కోసం పాత యజమాని అలా పెట్టి ఉంటాడు. పాత ఎంపిక ఏదో రాసుకుని, దాన్ని 2జీ, 3జీ కూడా కలిసిన ఎంపికకి మార్చారు. ఇప్పుడు కాల్స్ అన్నీ మోగాయి, కానీ ప్రతిసారీ గుర్తు E అయింది. అదే సిమ్‌ని ఇంకో ఫోన్లో వేస్తే గుర్తు 4G దగ్గరే ఉండి ప్రతి కాల్ మోగింది. అంటే సిమ్ బాగుంది, ఖాతాలో వోల్టీ ఉంది, ఈ ఫోనే ఆ నెట్‌వర్క్‌లో వోల్టీకి నమోదు కావడం లేదు. సెట్టింగు మార్చడం వల్ల కాల్స్ వచ్చాయని ఊరుకోవడం కాదు, తిరిగి ఇచ్చేయాల్సిన ఫోన్ ఇది.

ఆ సిమ్ మార్చి చూసే మెట్టు మాత్రం వదలొద్దు. ఎందుకంటే ఫోన్ తప్పు లేకుండా కూడా ఇవే మాటలు వినిపించవచ్చు. అన్ని కాల్స్‌నీ ఎక్కడికో మళ్లించి ఉంటే మీకు రింగు పడదు. *#21# నొక్కితే ఆ మళ్లింపు ఉందో లేదో చూపిస్తుంది. ఫోన్ అందనప్పుడు కాల్ ఎటు పోవాలో *#62# చెబుతుంది, ‘స్విచ్ఛాఫ్’ బదులు వాయిస్‌మెయిల్ వినిపించేది సాధారణంగా దీనివల్లే. రెండు సిమ్‌ల ఫోన్లో ఒక సిమ్ మీద మాట్లాడుతుంటే రెండో నంబరు చాలా మోడళ్లలో అందకుండా పోతుంది, అది లోపం కాదు. తెలియని నంబర్లను మౌనంగా ఉంచే సెట్టింగు ఆన్‌లో ఉంటే ఐఫోన్ వాటిని నేరుగా వాయిస్‌మెయిల్‌కి పంపుతుంది. కానీ అప్పుడు కాల్ జాబితాలో ఆ నంబరు కనబడుతుంది. జాబితాలో ఏ జాడా లేకపోవడమే మన లోపానికి ముఖ్యమైన తేడా.

‘అప్‌డేట్ వస్తుంది, సరిపోతుంది’ అని అమ్మేవాళ్లు చెప్పే మాట దగ్గర కాస్త గట్టిగా ఉండండి. అప్‌డేట్ ఆ మోడల్ నంబరు ఏ ప్రాంతానికి చెందిందో ఆ ప్రాంతానికి వస్తుంది. మీ ఆపరేటర్ సెట్టింగులు ఆ సాఫ్ట్‌వేర్లో ఇప్పటిదాకా లేకపోతే రేపు వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఫ్యాక్టరీ రీసెట్ కూడా లేనిదాన్ని తెచ్చిపెట్టదు. వేరే ప్రాంతపు సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటే వారంటీ పోవచ్చు, ఫోన్ అసలు తెరుచుకోకుండా పోయే ప్రమాదమూ ఉంది, కాబట్టి వాపసు గడువులో ఉన్న ఫోన్‌తో ఆ పని అస్సలు చేయొద్దు.

కొనేముందయితే పెట్టెమీది పూర్తి మోడల్ నంబరు, చివరి అక్షరాలతో సహా రాసుకోండి. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ, పెట్టెమీది ఐఎంఈఐ ఒకటేనా చూడండి. మీ ఆపరేటర్‌కి ఆ మోడల్ నంబరు చెప్పి ‘దీనికి మీ దగ్గర వోల్టీ ఉందా’ అని అడగండి. ‘4జీ వస్తుందా’ అని అడిగితే వస్తుందనే అంటారు, అది వేరే ప్రశ్న. ఇప్పటికే కొనేసి ఉంటే, వాపసు అడిగేటప్పుడు ‘కాల్స్ రావట్లేదు’ అని మాత్రమే రాస్తే సిమ్ మీదకి నెట్టేస్తారు. మోడల్ నంబరు, కాల్స్ చేసిన టైములూ ఫలితాలూ, Not Registered అని చూపించే తెర ఫోటో, అదే సిమ్ ఇంకో ఫోన్లో 4జీలోనే మోగిన సంగతి, ఈ నాలుగూ కలిపి రాతపూర్వకంగా పంపండి.