కంపెనీ షేర్లు: ఇప్పుడే అమ్మడం మేలా, పన్ను తగ్గేదాకా ఆగడం మేలా?

జీతమిచ్చే కంపెనీ షేర్లలోనే ఆస్తి ఉంటే, వ్యాపారం దెబ్బతిన్న రోజున షేరు ధరా పడుతుంది, ఉద్యోగమూ ఊగిసలాడుతుంది. 2000 చివరికి ఎన్రాన్ ఉద్యోగుల పదవీ విరమణ ఖాతాల్లో సగానికి పైగా ఆ కంపెనీ షేర్లే. 2001 డిసెంబరులో కంపెనీ దివాలా తీసింది. అందుకే కొంతైనా అమ్మాలని అందరూ ఒప్పుకుంటారు. ఆపేది పన్ను.

అనేక దేశాల్లో కంపెనీ జీతంతోపాటు గ్రాంటుగా ఇచ్చే షేర్లు ఉద్యోగి చేతికొచ్చిన రోజునే వాటి విలువపై జీతంలాగా పన్ను పడుతుంది. ఆనాటి ధరే కొన్న ధరగా లెక్కకొస్తుంది. కాబట్టి అదే రోజు అమ్మితే లాభమూ ఉండదు, దానిపై పన్నూ ఉండదు. అమ్మకుండా ఉంచుకోవడమంటే బోనసు డబ్బుతో అదే షేరు కొన్నట్టే. కొత్తగా వచ్చేవాటిని వచ్చినట్టే అమ్మడం మేలని నేను గట్టిగా చెబుతాను.

పాత షేర్ల విషయంలో మాత్రం లెక్క వేయాలి. ఎక్కువకాలం ఉంచుకుంటే పన్ను తగ్గే చోట, ఇప్పుడు అమ్మితే లాభంపై 30 శాతం, కొన్ని నెలలు ఆగితే 15 శాతం పన్ను అనుకుందాం. 40కి వచ్చిన షేరు నేడు 100 ఉంది. ఇప్పుడు అమ్మితే లాభం 60, పన్ను 18, చేతికి 82. ఆగాక ధర సుమారు 89 అయినా చేతికొచ్చేది అంతే. అంటే పది శాతానికి పైగా పడితేనే ఆగినందుకు నష్టం. అదే షేరు 90కి వచ్చి ఉంటే లాభం 10, ఇప్పటి పన్ను 3 మాత్రమే. ధర రెండు శాతం పడినా ఆగినందుకు వచ్చే ఆదా ఆవిరైపోతుంది. ఒక్క షేరు ధర ఒక్కరోజులోనే అంత కదలడం మామూలే.

కాబట్టి ఎక్కువ ధరకు వచ్చిన షేర్లను ముందు అమ్మి, తక్కువ ధరవాటిని వాయిదాల్లో వదిలించుకోవడం నయం. ఏ లాటు, అంటే ఏ రోజు ఏ ధరకు వచ్చిన షేర్లు అమ్ముతున్నారో బ్రోకరుకు చెప్పే వీలుందో, మీ దేశపు పన్ను చట్టం దాన్ని ఒప్పుకుంటుందో ముందే చూసుకోండి. చెప్పకపోతే చాలాచోట్ల పాతవే ముందు అమ్ముడుపోతాయి.

ధర పడితే నష్టపోకుండా, ముందే ఖాయమైన ధరకు అమ్ముకునే హక్కునిచ్చే పుట్ ఆప్షన్లతో రక్షణ కొనుక్కోవచ్చుగానీ, దానికి ప్రీమియం కట్టాలి. పైగా చాలా కంపెనీలు ఉద్యోగులను అది చేయనివ్వవు.

వాయిదాల పద్ధతిలో అసలు చిక్కు మనసుతోనే. ధర పెరిగితే ఇంకా పెరగనీ అంటాం, పడితే కోలుకోనీ అంటాం. కంపెనీ ఫలితాల ముందు ఉద్యోగుల అమ్మకాలపై నిషేధం వచ్చి మరికొన్ని వారాలు పోతాయి. ప్రతి త్రైమాసికంలో ఎన్ని షేర్లు అమ్మాలో ముందే రాసిపెట్టి, వీలుంటే ఆ అమ్మకం దానంతటదే జరిగేలా ఏర్పాటు చేసుకోవాలి. ఎంత ఉంచుకోవాలో తేల్చేటప్పుడు ఇంకా చేతికి రాని గ్రాంట్లనూ కలపండి. వాటిని అమ్మలేరు కనుక, చేతిలో ఉన్నవాటిని ఆ మేరకు ఎక్కువగా తగ్గించాలి.